చెమట ఎక్కువగా పట్టే పాదాలు, దూరపు నడక: బొబ్బలు రాకుండా ఏ మిశ్రమం సాక్సులు ఎంచుకోవాలి?

తూర్పుబాట

సభ్యులందరికీ నమస్కారం. సెలవు రోజుల్లో 20 నుంచి 25 కిలోమీటర్ల దూరం నడవడం నాకు అలవాటు. నా పాదాలకు చెమట చాలా ఎక్కువగా పడుతుంది. సగం దూరం నడిచేసరికి సాక్సులు పూర్తిగా తడిసి, రెండు చోట్ల మంట మొదలవుతుంది: ఒకటి మడమ వెనుక అంచున, రెండోది కుడి పాదంలో రెండో వేలి మొదలు కింద. ఆ మంటను పట్టించుకోకుండా నడిస్తే ఇల్లు చేరేసరికి అక్కడ నీటిబొబ్బలు తేలుతున్నాయి. బూట్లు బిగుతుగా లేవు, వదులుగానూ లేవు. ప్రస్తుతం వాడుతున్న సాక్సుల చీటీ మీద నూలు 78 శాతం, పాలిస్టర్ 20 శాతం, ఎలాస్టేన్ 2 శాతం అని ఉంది. కొత్తవి తీసుకునే ముందు ఏ పోగు ఎంత శాతం ఉండాలో, చీటీ చూసి ఏం గ్రహించాలో తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

ఉన్నిదారం

తూర్పుబాట గారూ, దీనికి సమాధానం చాలా సులభం. నూటికి నూరు శాతం మెరినో ఉన్ని సాక్సులు తీసుకోండి. ఉన్ని చెమటనంతా పీల్చుకుని పాదాన్ని పొడిగా ఉంచుతుంది, వాసన కూడా పట్టదు. నూలు సాక్సులను నడకకు వాడకూడదని అనుభవం ఉన్న నడకరులందరూ చెబుతారు. పాలిస్టర్, నైలాన్ వంటి కృత్రిమ పోగులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఎందుకంటే వాటికి తేమను పీల్చే గుణం లేదు.

అల్లికపని

సాక్సులు అల్లే యంత్రాల మీద చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను కనుక కొంచెం విడమరచి చెబుతాను. ఉన్నిదారం గారు చెప్పినదాంట్లో నూలు గురించిన మాట నిజమే. కానీ నూరు శాతం ఉన్ని అనే సలహాను మాత్రం నేను ఇవ్వలేను.

గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు ఉన్ని తన పొడి బరువులో సుమారు 16 శాతం తేమను, నూలు 8.5 శాతం, నైలాన్ 4 శాతం, పాలిస్టర్ 0.4 శాతం పట్టి ఉంచుతాయి. గాలి పూర్తిగా తేమతో నిండితే ఉన్ని దాదాపు మూడోవంతు బరువు వరకు తీసుకోగలదు. ఈ తేమ ఆవిరి రూపంలో పోగు లోపలికి వెళుతుంది కాబట్టి చర్మానికి తడి తగలదు. ఉన్ని గొప్పదనం ఇక్కడే ఉంది. అయితే చెమట ఎక్కువగా పట్టే పాదం కొంతసేపటికి ఆ పరిమితిని దాటిపోతుంది. ఆ తరువాత ఉన్ని కూడా తడి బట్టే, పైగా ఆరడానికి ఎక్కువ సమయం తీసుకునే బట్ట. పైగా సన్నని మెరినో పోగు ఒరిపిడికి త్వరగా అరిగిపోతుంది. నైలాన్ కలవని ఉన్ని సాక్సు మడమ దగ్గర పలచబడి చిల్లు పడటం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ పలచబడిన చోటే బొబ్బ కూడా వస్తుంది.

నూలు విషయంలో అసలు ఇబ్బంది తడిని పీల్చడం కాదు. తడిసిన నూలు పోగు ఉబ్బి, స్ప్రింగు గుణం కోల్పోయి, బరువు పడినచోట చదునుగా అణిగిపోతుంది. సాక్సు అడుగున తువ్వాలు మీద ఉన్నట్టు చిన్న చిన్న దారపు ఉచ్చులు ఉంటాయి కదా, అవి తడి నూలుతో ఉంటే కాసేపట్లోనే పడుకుండిపోతాయి, మళ్లీ లేవవు. యాక్రిలిక్, పాలిస్టర్, నైలాన్ పోగులు తడిలోనూ నిలబడి ఉంటాయి. 1990లో హెరింగ్, రిచీ అనే ఇద్దరు అమెరికా పాదవైద్యులు దూరపు పరుగు తీసేవారికి ఒకే తీరుగా అల్లిన యాక్రిలిక్, నూలు సాక్సులు ఇచ్చి చూస్తే నూలువాటితో బొబ్బలు ఎక్కువగానూ, పెద్దవిగానూ వచ్చాయి. ఆ తరువాత 1993లో వారే అంత దట్టమైన మెత్త లేని, సాధారణ మెత్తటి అడుగున్న సాక్సులతో చూసినప్పుడు రెండింటికీ తేడా కనబడలేదు. అందుకే చీటీ మీది శాతం సగం సంగతే చెబుతుందని నేను అంటాను. ఏ పోగు అనే ప్రశ్నను ఎలా అల్లారన్న ప్రశ్న నుంచి విడదీయలేము.

తడిపాదం

నాకూ ఇదే సమస్య. సాయంత్రం బూట్లు విప్పితే పక్కన ఎవరూ కూర్చోలేనంత వాసన, వేళ్ల సందుల్లో దురద. వెదురు నారతో చేసిన సాక్సులు వాడమని ఒక మిత్రుడు చెప్పాడు, అవి సూక్ష్మజీవులను చంపుతాయట. చాలా మెత్తగా ఉన్నాయి, నాకు నచ్చాయి. తూర్పుబాట గారు కూడా వాటినే వాడి చూడవచ్చు.

అల్లికపని

తడిపాదం గారూ, మీరు చెబుతున్నది వాసన, దురద గురించి. అడిగిన ప్రశ్న బొబ్బల గురించి. రెండింటికీ చెమటే మూలమైనా దారులు వేరు. వెదురు సాక్సులుగా అమ్మేవాటిలో చాలా మటుకు ఉండేది విస్కోస్. వెదురు గుజ్జును రసాయనాలలో కరిగించి తిరిగి పోగుగా తీస్తారు. ఆ పోగులో వెదురుకు ప్రత్యేకమైన గుణం ఏదీ మిగలదు. విస్కోస్ నూలు కంటే ఎక్కువ తేమ పీల్చుకుంటుంది, తడిసినప్పుడు బలం బాగా కోల్పోతుంది. కూర్చుని పని చేసుకునేటప్పుడు అవి సుఖంగానే ఉంటాయి. కానీ 20 కిలోమీటర్ల నడకలో అవి నూలు సాక్సుల కంటే మెరుగ్గా ఉంటాయని నేను అనుకోను. వేళ్ల సందుల్లో దురద చాలా రోజులుగా ఉంటే అది శిలీంధ్రం కావచ్చు. ఒకసారి చర్మవైద్యునికి చూపించండి.

పాదసేవ

పాదాల పుండ్లకు, బొబ్బలకు కట్లు కట్టడం నా వృత్తి. బొబ్బ ఎలా పుడుతుందో చెబితే సాక్సును చూసే పద్ధతి కొంత మారుతుందని నా ఆశ.

బొబ్బ అంటే చర్మం పైపైన గీసుకుపోవడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి చర్మం సాక్సుకు అతుక్కుని నిలిచిపోతుంది. లోపలి ఎముక మాత్రం అడుగడుగునా ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న చర్మపు పొరలు ప్రతి అడుగుకూ సాగి, సాగి, చివరికి లోపల చీలిపోతాయి. ఆ చీలికలోకి నీరు చేరితే బొబ్బ తేలుతుంది. పూర్తిగా పొడిగా ఉన్న చర్మం జారుతుంది. చెమ్మగిల్లిన చర్మం సాక్సుకు పట్టేస్తుంది. చెమట పట్టేవారికి బొబ్బలు ఎక్కువ కావడానికి కారణం ఇదే. కాబట్టి మంచి సాక్సు చేయవలసిన పని రెండు రకాలు. చర్మం దగ్గర తేమ నిలవకుండా చూడాలి, జరగక తప్పని కదలికను చర్మం మీద పడనీయకుండా తనలోనో, తనకూ బూటుకూ మధ్యనో జరగనివ్వాలి.

తూర్పుబాట గారు చెప్పిన రెండు చోట్లూ ఒకటి కావు. మడమ వెనుక అంచున వచ్చేది చాలావరకు బూటులో మడమ లేస్తూ పడుతూ ఉండటం వల్ల వస్తుంది. బూటు పైభాగపు చివరి రంధ్రాల గుండా తాడును ఉచ్చు చేసి బిగిస్తే అది తగ్గవచ్చు. రెండో వేలి మొదలు కింద వచ్చేది మాత్రం అక్కడి ఎముక చివర నేల మీద గట్టిగా ఆనడం వల్ల వస్తుంది. దానిని సాక్సు ఒక్కటే ఆపుతుందని నేను హామీ ఇవ్వలేను.

కొండదారి

నేను బరువైన సంచి మోసుకుంటూ రోజుల తరబడి నడిచేవాడిని. నా పద్ధతి రెండు పొరలది: లోపల పలుచని, బిగుతైన పాలిస్టర్ సాక్సు, దాని మీద ఉన్ని కలిసిన మందపాటి సాక్సు. పాదసేవ గారు చెప్పిన కదలిక ఈ రెండు పొరల మధ్యనే జరిగిపోతుంది, చర్మం దాకా రాదు. అమెరికా మెరీన్ దళం శిక్షణార్థుల మీద జరిపి 1996లో ప్రచురించిన పరిశీలనలో కూడా పలుచని పాలిస్టర్ లోపలి సాక్సు మీద ఉన్ని, పాలీప్రొపిలీన్ కలిపి దట్టంగా అల్లిన మందపాటి సాక్సు వేసుకున్నవారికి బొబ్బలు తగ్గాయి. చెమట పట్టే పాదానికి ఇంతకంటే నమ్మకమైన ఏర్పాటు లేదని నా అభిప్రాయం.

అల్లికపని

కొండదారి గారి పద్ధతిని నేను కాదనను, కానీ దానికి ఒక షరతు ఉంది. మందపాటి సాక్సు కోసం ముందే కొంచెం పెద్దవిగా తీసుకున్న బూట్లకే అది సరిపోతుంది. ఇప్పుడున్న సాక్సుకు సరిగ్గా సరిపోయే బూటులో రెండు పొరలు దూరిస్తే పాదం మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే పట్టు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, చెమట ఇంకా ఎక్కువవుతుంది. తూర్పుబాట గారి బూట్లు సరిగ్గా ఉన్నాయి కాబట్టి ముందుగా ఒకే పొరతో ప్రయత్నించడం మేలు.

నా సలహా ఇది. మెరినో 50 నుంచి 60 శాతం, నైలాన్ 35 నుంచి 45 శాతం, ఎలాస్టేన్ 2 నుంచి 5 శాతం ఉన్న మధ్యస్థ మందపు సాక్సు తీసుకోండి. చెమట విపరీతంగా ఉండి, ఎండ వేడిలోనే నడిచేవారైతే మెరినో బదులు పాలిస్టర్ ప్రధానంగా ఉన్నది కూడా బాగానే పని చేస్తుంది. అది తేమను తనలో ఉంచుకోకుండా పోగుల మధ్య సందుల గుండా బయటికి చేరవేస్తుంది. కాకపోతే వాసన త్వరగా పట్టేస్తుంది.

చీటీ మీది శాతం బరువును మాత్రమే చెబుతుంది. ఏ దారం చర్మం వైపు ఉందో చెప్పదు. యంత్రం మీద రెండు దారాలు కలిసి నడుస్తాయి. ఒకటి పైకి, ఒకటి లోపలికి తిరుగుతుంది. కాబట్టి దుకాణంలోనే సాక్సును తిరగేసి చూడండి. అడుగు భాగాన్ని రెండు చేతులతో సాగదీస్తే ఉచ్చుల వెనుక మెరుస్తూ, నున్నగా కనిపించే సన్నని దారం నైలాన్. మెరుపు లేకుండా నూగుగా లేచి ఉన్న ఉచ్చులు ఉన్నివి. ఉచ్చులు దట్టంగా ఉన్నాయో లేదో బొటనవేలి గోటితో నొక్కి వదిలి చూడండి. వెంటనే లేస్తే మంచిది. ఆ తరువాత వేళ్ల దగ్గరి కుట్టు మీద వేలు నడిపించండి. గట్టి దారం కట్టలా తగిలితే ఆ జత వదిలేయండి, నడకలో అది చిటికెన వేలిని కోస్తుంది.

ఉన్నిదారం

నైలాన్ అంత ఎక్కువగా ఉంటే ఉన్ని వల్ల ప్రయోజనం ఏముంటుంది? నేను లోపలి వైపు ఒక నీటి చుక్క వేసి చూస్తాను. చుక్క వెంటనే ఇంకిపోతే మంచి సాక్సు, పూసలా నిలబడితే పనికిరానిది. ఈ పరీక్ష చాలదా?

అల్లికపని

పాలిస్టర్, నైలాన్ సాక్సులకు ఆ పరీక్ష సరిపోతుంది. వాటి మీద చుక్క పూసలా నిలబడితే, చాలాసార్లు కారణం బట్టలు మెత్తబడటానికి వాడే కండిషనర్. అది పోగుల మీద జిడ్డు పొరలా అంటుకుని తేమ ప్రయాణాన్ని అడ్డుకుంటుంది. నడక సాక్సులకు దానిని వాడకూడదు. ఉన్నికి మాత్రం ఈ పరీక్ష మోసం చేస్తుంది. ఉన్ని పోగు పైపొర సహజంగానే నీటి చుక్కను దూరంగా ఉంచుతుంది, కానీ ఆవిరిని లోపలికి తీసుకుంటుంది. యంత్రంలో ఉతికినా కుంచించుకుపోకుండా శుద్ధి చేసిన ఉన్ని మీద చుక్క త్వరగా ఇంకుతుంది. అంతమాత్రాన శుద్ధి చేయని ఉన్ని పనికిరానిదని అనలేము.

నైలాన్ ఉండేది ముఖ్యంగా ఆకారం కోసం. అది అల్లికకు ఎముకలా ఉండి సాక్సును మడమ మీద నిలబెడుతుంది. ఆకారం పోయిన సాక్సు ముడుత పడుతుంది. ముడుత పడిన చోట ఏ పోగు ఉన్నా బొబ్బ తప్పదు.

తూర్పుబాట

అందరికీ కృతజ్ఞతలు. అల్లికపని గారు చెప్పిన తరహాలో మెరినో 55 శాతం, నైలాన్ 42 శాతం, ఎలాస్టేన్ 3 శాతం ఉన్న జత తెచ్చుకున్నాను. తేడా స్పష్టంగా తెలియాలని ఎడమ పాదానికి కొత్తది, కుడి పాదానికి పాత నూలుది వేసుకుని రెండున్నర గంటలు నడిచాను. నడకకు ముందు, తరువాత సాక్సులనూ, బూటులోంచి తీసిన లోపలి అట్టలనూ వంటింటి డిజిటల్ తూకం మీద తూచాను.

నూలు సాక్సు పొడిగా 31 గ్రాములు, తరువాత 48. దాని కింది అట్ట 4 గ్రాములు పెరిగింది. మెరినో సాక్సు 36 నుంచి 49కి చేరింది, దాని కింది అట్ట 8 గ్రాములు పెరిగింది. అంటే రెండు పాదాలలోనూ మిగిలిన చెమట 21 గ్రాములే. నూలు సాక్సు దానిలో ఎక్కువ భాగాన్ని తన దగ్గరే ఉంచుకుంది, మెరినోది మరికొంత కిందికి పంపింది. మరో నడకలో పాదాలు మార్చి వేసుకున్నా లెక్క దాదాపు అలాగే వచ్చింది. నూలు వేసుకున్న పాదం అడుగు తెల్లగా ముడతలు పడి ఉంది, మెరినో పాదం మీద ఆ ముడతలు చాలా తక్కువ. మెరినో వేసుకుని, తాడు ఉచ్చు కూడా బిగించిన మడమకు మంట రాలేదు. కానీ కుడి పాదం రెండో వేలి కింద మాత్రం మెరినోతోనూ మంట వచ్చింది, కాకపోతే కొంచెం ఆలస్యంగా వచ్చింది.

అల్లికపని

చాలా ఉపయోగపడే తూకం ఇది. 36 గ్రాముల సాక్సులోకి 13 గ్రాములు చేరాయంటే దాని బరువులో 36 శాతం. అందులో సగానికి దగ్గరగా ఉన్నది నైలానే కాబట్టి ఉన్ని ఆవిరిగా దాచుకోగల హద్దు ఎప్పుడో దాటిపోయింది. మిగిలినది పోగుల మధ్య నీరుగానే ఉంది. మీ పాదాలకు ఏ మిశ్రమమూ 25 కిలోమీటర్లు పొడిగా ఉండదని ఈ అంకెలే చెబుతున్నాయి. కాబట్టి మరో జత సంచిలో పెట్టుకుని, సుమారు రెండు గంటలకు, అంటే మంట మొదలవక ముందే, మార్చండి. మార్చేటప్పుడు లోపలి అట్టను కూడా బయటికి తీసి గాలికి పెట్టి, గుడ్డతో అద్దండి. తడి అట్ట మీద పొడి సాక్సు వేసుకుంటే అట్టలోని నీరు తిరిగి సాక్సులోకి ఎక్కుతుంది. విప్పిన జతను సంచి బయట కడితే నడుస్తుండగానే కొంత ఆరుతుంది. అయితే ఉన్ని కలిసిన జత పాలిస్టర్ జత అంత త్వరగా ఆరదు.

ఇంకొక సంగతి: మీ పరీక్షలో మడమ బాగుపడటానికి సాక్సు కారణమో, తాడు ఉచ్చు కారణమో తేలదు. వీలైతే పాత నూలు సాక్సుతో తాడు ఉచ్చు ఒక్కటే వేసి చూడండి.

పాదసేవ

రెండో వేలి కింది మంట గురించి నేను అనుకున్నట్టే జరిగింది. మెరినో తేమను తగ్గించి దానిని ఆలస్యం చేసింది, కానీ ఎముక ఒత్తిడిని తీసేయలేదు. నడకకు ముందు పొడి చర్మం మీద ఆ చోట సన్నని కాగితపు టేపు, అంటే ఆసుపత్రిలో కట్లకు వాడే రకం, అంచులు గుండ్రంగా కత్తిరించి అంటించుకోండి. దానితో చాలకపోతే, బూటు అట్ట మీద సరిగ్గా ఆ చోట పడేలా జారుడుగా ఉండే అతుకు వేసుకోవడం మరో మార్గం.

చెమటను తగ్గించే మందుల గురించి ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను. అమెరికా సైనిక అకాడమీ విద్యార్థులతో జరిపి 1998లో ప్రచురించిన పరిశీలనలో, 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణాన్ని నడకకు ముందు కనీసం మూడు రాత్రులు పాదాలకు పూసుకున్నవారిలో 21 కిలోమీటర్ల నడక తరువాత 21 శాతం మందికి బొబ్బలు వచ్చాయి, మందు లేని ద్రావణం పూసుకున్నవారిలో 48 శాతం మందికి వచ్చాయి. ఫలితం బాగానే ఉంది. కానీ మందు పూసుకున్నవారిలో 57 శాతం మందికి చర్మం మంట, దురద వచ్చాయి. అందుకే వైద్యుని అడగకుండా దానిని మొదలుపెట్టవద్దని చెబుతాను. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు ఇలాంటి ప్రయోగాలు, టేపు పరీక్షలతో సహా, సొంతంగా చేయకూడదు. వారికి మంట తెలియదు కాబట్టి బొబ్బ పుండుగా మారేదాకా గమనించలేరు.

కొండదారి

రెండో వేలి కింద మిగిలిన మంటకు లోపలి పలుచని సాక్సే మందు అని ఇప్పటికీ నా నమ్మకం. బూటులో చోటు లేదన్నది అల్లికపని గారి అభ్యంతరం కదా? ఒకే సాక్సుగా అమ్మే, లోపల రెండు పలుచని పొరలు కలిపి కుట్టిన రకం ఉంటుంది. దాని మందం తూర్పుబాట గారి మెరినో జత కంటే ఎక్కువ ఉండదు.

అల్లికపని

ఆ రకం నాకు తెలుసు. కొత్తగా ఉన్నప్పుడు పొరలు ఒకదాని మీద ఒకటి చక్కగా జారుతాయి. తడిసి, కొన్నాళ్లు ఉతికాక రెండు పొరలూ సమానంగా కుంచించుకోకపోతే లోపలి పొర పోగుబడి ముడుత పడుతుంది. చెమట ఎక్కువగా ఉన్న పాదానికి ఆ రెండు తడి పొరలు ఎంతసేపు జారుతూ ఉంటాయన్నది నాకు అనుమానమే. కొంతమందికి బాగా పని చేయడం చూశాను, కొంతమంది రెండో నెలలోనే పక్కన పెట్టడమూ చూశాను. తీసుకుంటే పొరలు వేళ్ల దగ్గరా, పట్టీ దగ్గరా రెండు చోట్లా కలిపి ఉన్నదే తీసుకోండి. ఒక్క చోటే కలిపినది త్వరగా మెలిపడుతుంది.

తూర్పుబాట

ఈసారి నడకకు రెండు పాదాలకూ మెరినో వేసుకుని, కుడి పాదానికి కాగితపు టేపు కూడా వేసి, సగం దూరంలో జత మార్చి చూస్తాను. ఆ తరువాతే రెండు పొరల రకాన్ని ప్రయత్నిస్తాను, లేకపోతే ఏది పని చేసిందో తెలియదు. పాత నూలు జతతో తాడు ఉచ్చు పరీక్షను దగ్గరి దూరంలో విడిగా చేస్తాను. పాదసేవ గారూ, సగం దారిలో సాక్సు మార్చేటప్పుడు టేపును కూడా మార్చాలా, లేక ఊడిపోకుండా ఉంటే అలాగే వదిలేయాలా?

పాదసేవ

అంచులు లేవకుండా ఉంటే ముట్టుకోవద్దు. తడిసిన చర్మం మీద నుంచి టేపు లాగితే పైపొర దానితో పాటు వస్తుంది. అంచు చుట్టుకుని ఉంటే మాత్రం ఆ లేచిన ముక్కను కత్తెరతో కత్తిరించి, చుట్టూ చర్మాన్ని అద్ది ఆరనిచ్చి, దాని మీదే మరొక పొర వేయండి. ఇంటికి వచ్చాక గోరువెచ్చని నీటిలో నానబెట్టి, వేళ్ల వైపు నుంచి కాకుండా మడమ వైపు నుంచి మెల్లగా తీయండి. అప్పటికే లోపల నీరు చేరి ఉంటే పైచర్మం చిరగకుండా ఉంటుంది.